జూట్ మిల్లు లిక్విడేషన్‌కి వెళ్లింది: బ్యాంకు, కార్మికులు, సరుకిచ్చినవాళ్లు, షేర్‌హోల్డర్లలో ఎవరికి ముందు?

ప్రశ్న: విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో మా నాన్న 27 ఏళ్లు స్పిన్నింగ్‌లో పనిచేశారు. 2022 జూన్ నుంచి జీతం లేదు. 2023 ఫిబ్రవరి ఆఖర్లో గేటు మూసేశారు. సెప్టెంబరులో కేసు కంపెనీల ట్రిబ్యునల్ ఎన్సీఎల్టీకి వెళ్లింది, 2024 నవంబరు 4న ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది. మధ్యలో మూడు నెలలు మెషిన్లు తుప్పు పట్టకుండా చూడమని నాన్నని పిలిచారు, ఆ డబ్బూ ఇవ్వలేదు. మా బావ అదే మిల్లులో అకౌంట్స్ స్టాఫ్. మా మావయ్యకి స్పేర్ పార్ట్స్ షాపు, ఆయనకి 4 లక్షలు రావాలి, అందులో 50 వేలు కేసు మొదలయ్యాక ఇచ్చిన బేరింగులవి. నాన్న పేరు మీద కంపెనీ షేర్లు కూడా కొన్ని ఉన్నాయి. బ్యాంకు ల్యాండంతా తనదే అంటోంది. అసలు ఎవరికి ముందు ఇస్తారు? మాకేమైనా వస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు:

బ్యాంకు చెప్పేది సగమే నిజం. ల్యాండు తాకట్టులో ఉన్నా, దాన్ని అమ్మితే వచ్చే డబ్బులో కార్మికుల బకాయికి బ్యాంకుతో సమానమైన స్థానం ఉంది. మీ నాన్నగారికి ఎంతో కొంత వస్తుంది. మీ బావకి వచ్చేదీ రానిదీ ఆయన క్లెయిములో తనని తాను ఏమని రాసుకుంటారన్నదాని మీద ఉంటుంది. మీ మావయ్య 50 వేలు చాలావరకు భద్రం, మిగతా మూడున్నర లక్షల మీద ఆశ పెట్టుకోకండి. షేర్లు పోయినట్టే.

నేను విశాఖలో ఒక ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్ ఆఫీసులో క్లెయిములు పరిశీలించే పని చేశాను. మన ఉత్తరాంధ్ర మిల్లుల కార్మికుల క్లెయిములు చాలా చూశాను. పంపకం వరుస ఏమిటో యూనియన్ వాళ్లకి కూడా చాలావరకు తెలుసు. దెబ్బ తినేది వరుస దగ్గర కాదు, తేదీల దగ్గర. అందుకే వరుస తొందరగా చెప్పేసి తేదీల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

2016లో వచ్చిన దివాలా చట్టం, అందరూ ఐబీసీ అనేది, సెక్షన్ 53లో ఈ వరుస పెట్టింది. మొదట ఖర్చులు: కేసు మొదలైనప్పటి నుంచి కంపెనీని నడిపిన, కాపాడిన, అమ్మిన ఖర్చు, ఆ అమ్మకం, పంపకం చూసే లిక్విడేటర్ ఫీజుతో సహా. ఇవి పూర్తిగా చెల్లించాకే మిగతావాళ్ల వంతు. రెండో మెట్టు మీద ఇద్దరు పక్కపక్కన నిలబడతారు: కార్మికుల 24 నెలల బకాయి, తాకట్టుని ఉమ్మడి ఆస్తిలోకి వదిలేసిన బ్యాంకు అప్పు. మూడోది కార్మికులు కాని ఉద్యోగుల 12 నెలల జీతం. నాలుగోది తాకట్టు లేకుండా డబ్బుగా ఇచ్చిన ఫైనాన్షియల్ అప్పులు. ఐదోది ప్రభుత్వానికి రావలసిన రెండేళ్ల పన్నులు, దాంతోపాటు తాకట్టుని విడిగా అమ్ముకున్న బ్యాంకుకి ఇంకా మిగిలిన బాకీ. ఆరోది మిగతా అప్పులన్నీ. సరుకిచ్చినవాళ్లు ఇక్కడే ఉంటారు. ఆ తర్వాత ప్రిఫరెన్స్ షేర్లు, అన్నిటికంటే ఆఖర్న మామూలు షేర్లు.

పై మడి నిండి పొర్లితేనే కింది మడికి నీళ్లొచ్చినట్టు, ఒక మెట్టు మీదివాళ్లకి మొత్తం తీరితేనే కింది మెట్టుకి పైసా దిగుతుంది. ఒకే మెట్టులో డబ్బు చాలకపోతే బకాయి ఎంతుందో దాన్నిబట్టి దామాషాలో పంచుకోవాలి. ముందు దరఖాస్తు పెట్టినవాడికి ఎక్కువ రాదు, గట్టిగా అరిచినవాడికీ రాదు.

ఇక అసలు విషయం. "24 నెలల బకాయి" అంటే చాలామంది ఇరవై నాలుగు జీతాలు అనుకుంటారు. చట్టం అలా అనలేదు. లిక్విడేషన్ మొదలైన తేదీకి వెనక ఉన్న 24 నెలల కాలానికి రావలసిన బకాయి అంది. మీ కేసులో ఆ తేదీ 2024 నవంబరు 4. వెనక్కి లెక్కిస్తే 2022 నవంబరు 4. అంతకు ముందు నెలల జీతం ఎంత కష్టపడి చేసిన పనికైనా సరే, రెండో మెట్టులో ఉండదు. నేరుగా ఆరో మెట్టుకి, మీ మావయ్య బిల్లు పక్కకి పోతుంది.

నాన్నగారి జీతం నెలకి 14,000 అనుకుందాం. 2022 జూన్ నుంచి అక్టోబరు వరకు అయిదు నెలలు, అంటే 70,000 ఆ 24 నెలల కిటికీకి బయట పడ్డాయి. నవంబరు నుంచి 2023 ఫిబ్రవరి వరకు నాలుగు నెలలు, 56,000 లోపల ఉన్నాయి. నవంబరు మొదటి మూడు రోజుల్ని లెక్క కోసం వదిలేస్తున్నాను. కేసు ఎంత సాగితే ఈ కిటికీ అంత ముందుకి జరుగుతుంది. ఇంకో నాలుగు నెలలు ఆలస్యంగా ఆర్డర్ వచ్చి ఉంటే ఆయన గేటు మూయకముందు పనిచేసిన నెల ఒక్కటీ 24 నెలల్లో ఉండేది కాదు. ఇది కార్మికుడి చేతిలో లేని విషయం, నాకు మాత్రం ఈ చట్టంలో అన్నిటికంటే అన్యాయంగా కనిపించే చోటు ఇదే.

మరి గేటు మూసిన తర్వాతి నెలల సంగతి? వాటికి జీతం "రావలసి" ఉందా లేదా అన్నది ఐబీసీ చెప్పదు, కార్మిక చట్టం చెబుతుంది. మూత ఏ రకం అన్నది చూడాలి. లే-ఆఫ్ అయితే అర్హత ఉన్నవాళ్లకి బేసిక్, డీఏ కలిపి అందులో సగం పరిహారం. ప్రభుత్వ అనుమతి తప్పనిసరిగా తీసుకోవలసినంత పెద్ద మిల్లు అనుమతి లేకుండా మూసేస్తే ఆ మూత చెల్లదు, మూయనట్టే లెక్క, కార్మికుడు పూర్తి జీతం అడగొచ్చు. సక్రమంగా జరిగిన మూత అయితే నెల జీతాలు ఉండవు, ఒక్కసారి ఇచ్చే పరిహారం ఉంటుంది. సమ్మె అనో లాకౌట్ అనో యాజమాన్యం నోటీసులో రాసి ఉంటే అది వేరే తగాదా.

ఈ తగాదా తీర్చే అధికారం లిక్విడేటర్‌కి లేదు. ఆయన కాగితం ఏం చెబితే అంతవరకే ఒప్పుకుంటాడు. గేటుకి అంటించిన నోటీసు ఫొటో, లేబర్ ఆఫీసులో జరిగిన చర్చల మినిట్స్, యూనియన్ ఇచ్చిన వినతిపత్రం మీద పడిన స్టాంపు, ఒకవేళ లేబర్ కోర్టు ఉత్తర్వు ఉంటే అది. ఇవి ఉన్న మిల్లులో ఆ నెలలు క్లెయిములోకి వచ్చాయి. "గేటు మూసేశారు సార్, అందరికీ తెలుసు" అన్న మాట తప్ప ఏమీ లేని మిల్లులో రాలేదు.

నాన్నగారు మధ్యలో చేసిన మూడు నెలల పని సంగతి పూర్తిగా వేరు. కేసు నడుస్తుండగా, కంపెనీని చూసుకోవడానికి ట్రిబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ పిలిస్తే చేసిన పని అది. 2022లో సునీల్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: కంపెనీని ఆ ప్రొఫెషనల్ నడిపిస్తున్న కాలంలో నిజంగా పనిచేసినవాళ్ల జీతం ఖర్చుల్లోకి, అంటే మొదటి మెట్టుకి వస్తుంది. పని చేయనివాళ్ల జీతం రాదు, అది రెండో మూడో మెట్టులో తన స్థానం తాను చూసుకోవాలి. మిల్లు ఆగిపోయింది కాబట్టి కంపెనీని నడిపినట్టు ఎలా అవుతుందని లిక్విడేటర్ అడ్డుపడొచ్చు. అప్పుడు మీ జవాబు: ఆస్తిని కాపాడడానికి ఆయనే పెట్టించిన ఖర్చు ఇది, వాచ్‌మన్ జీతం ఎలాగో ఇదీ అలాగే. పిలిచినట్టు రుజువు కావాలి. హాజరు పుస్తకం పేజీ, గేట్ పాస్, వాట్సాప్ మెసేజ్, ఏదైనా సరే. ఈ 42,000 విడిగా చూపించండి, 24 నెలల లెక్కలో కలిపేయకండి. కలిపితే పూర్తిగా రావలసింది దామాషాలో పడి తరుగుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క వేద్దాం. అంకెలు నేను పెట్టినవే. మీ మిల్లువి లిక్విడేటర్ ఇచ్చే జాబితాలో వస్తాయి, అప్పుడు వీటి చోట అవి పెట్టి చూసుకోండి.

ల్యాండు, షెడ్లు, మెషిన్లు అన్నీ కలిపి 40 కోట్లకి అమ్ముడయ్యాయనుకుందాం. ముందుగా పీఎఫ్ బకాయి 2 కోట్లు పక్కకి పోతుంది, ఎందుకో కింద చెబుతాను. ఖర్చులు 3 కోట్లు, నాన్నగారి 42,000, మావయ్య 50,000 అందులోనే ఉన్నాయి. మిగిలింది 35 కోట్లు. రెండో మెట్టులో కార్మికులందరి 24 నెలల బకాయి 10 కోట్లు, బ్యాంకుకి 60 కోట్లు, మొత్తం 70. ఉన్నది 35. అంటే రూపాయికి అర్ధరూపాయి. కార్మికులకి 5 కోట్లు, బ్యాంకుకి 30 కోట్లు. డబ్బు అక్కడితో ఆఖరు. మూడో మెట్టు నుంచి కింద ఎవరికీ ఏమీ లేదు.

నాన్నగారికి ఇందులో ఎంత? గేటు మూసిన నెలలకి కూడా పూర్తి జీతం ఒప్పుకుంటే 24 నెలల్లోంచి ఆ మూడు నెలలు తీసేసి 21 నెలలకి 2,94,000. అందులో సగం 1,47,000. మొదటి మెట్టులోని 42,000 కలిపితే 1,89,000. ఒప్పుకోకపోతే నాలుగు నెలల 56,000లో సగం 28,000, దానికి 42,000 కలిపితే 70,000. ఒకే మనిషి, ఒకే మిల్లు, ఒకే అమ్మకం. ఆ గేటు నోటీసు దొరికిందా లేదా అన్నదాని మీద 1,19,000 తేడా. పాత అయిదు నెలల 70,000కి ఈ లెక్కలో సున్నా.

అదే ఆస్తి 90 కోట్లు పలికితే? పీఎఫ్, ఖర్చులు పోగా 85 కోట్లు, రెండో మెట్టు 70 కోట్లూ పూర్తిగా తీరిపోయి 15 మిగులుతుంది. ఉద్యోగులకి కోటిన్నర, తాకట్టు లేని అప్పులకి 6 కోట్లు, ప్రభుత్వానికి 5 కోట్లు ఇచ్చాక మిగిలేది రెండున్నర కోట్లు. ఆరో మెట్టులో అప్పులు 10 కోట్లు ఉంటే రూపాయికి పావలా. నాన్నగారి పాత 70,000కి 17,500, మావయ్య మూడున్నర లక్షలకి 87,500. షేర్‌హోల్డర్లకి అప్పుడు కూడా సున్నానే. కానీ నడవని మిల్లు అమ్మకంలో రిజర్వ్ ధర ఒక్కో వేలానికీ తగ్గుతూ పోవడమే నేను ఎక్కువ చూశాను, పెరగడం కాదు. అందుకే మొదటి లెక్కనే మనసులో పెట్టుకోండి.

"మేం తాకట్టు వదలం, మేమే అమ్ముకుంటాం" అని బ్యాంకు అనొచ్చు. ఆ హక్కు సెక్షన్ 52 ఇచ్చింది. ల్యాండంతా తనదే అని బ్యాంకు అన్న మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ అలా బయట నిలబడితే కార్మికులు ఎండిపోతారన్నది ఇప్పుడు నిజం కాదు. లిక్విడేషన్ నిబంధనల్లో 21-ఏ అని ఒకటి ఉంది. తాకట్టు వదులుతుందో లేదో బ్యాంకు 30 రోజుల్లో లిక్విడేటర్‌కి చెప్పాలి, చెప్పకపోతే వదిలినట్టే. వదలనంటే, వదిలి ఉంటే ఖర్చులకీ కార్మికుల బకాయికీ తన వంతుగా ఎంత పోయేదో అంత సొమ్ము లిక్విడేషన్ మొదలైన 90 రోజుల్లో లిక్విడేటర్‌కి కట్టాలి. కట్టకపోతే ఆ ఆస్తి ఉమ్మడి లెక్కలోకి వచ్చేస్తుంది. పైగా బయట అమ్ముకుని ఇంకా బాకీ మిగిలితే ఆ మిగులు ఐదో మెట్టుకి దిగిపోతుంది. అందుకే చాలా బ్యాంకులు కాసేపు బెదిరించి చివరికి లోపలికే వస్తాయి. 90 రోజుల గడువు ఎప్పుడో క్యాలెండర్ మీద రాసుకుని, ఆ సొమ్ము కట్టారా అని యూనియన్ తరఫున లిక్విడేటర్‌కి ఉత్తరం రాయించండి. అడిగేవాళ్లు లేనిచోట ఇది జారిపోతుంది.

రెండో మెట్టులో ఇంకెవరు చేరుతున్నారో కూడా చూడండి, ప్రతి కొత్త భాగస్వామి మీ వాటా తగ్గిస్తాడు. 2022లో రెయిన్‌బో పేపర్స్ కేసులో ఒక రాష్ట్రం వ్యాట్ బకాయిని, ఆ రాష్ట్ర చట్టంలో ఛార్జి, అంటే ఆస్తి మీద హక్కు, ఉందన్న కారణంతో, సుప్రీంకోర్టు తాకట్టు ఉన్న అప్పుగా చూసింది. మరుసటి ఏడాదే రామన్ ఇస్పాత్ కేసులో ఆ తీర్పు దాని వాస్తవాలకే పరిమితమంది. కానీ అదే తీర్పులో విద్యుత్ పంపిణీ సంస్థ ప్రభుత్వం కిందకి రాదని, ఒప్పందంలో ఛార్జి ఉంటే దాన్ని తాకట్టు ఉన్న రుణదాతగా చూడొచ్చని తేలింది. జూట్ మిల్లులకి కరెంటు బకాయి చిన్నదేమీ కాదు. ఆ క్లెయిము ఏ మెట్టులో పెట్టారో జాబితాలో చూసుకోవాలి.

మీ బావ సంగతికి వస్తాను. స్టాఫ్ అన్నారు కాబట్టి ఆయన తనని మూడో మెట్టులో వేసుకుని ఉంటారు. తొందరపడొద్దు. ఎవరు కార్మికుడో ఐబీసీ సొంతంగా చెప్పదు, పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచనాన్నే తీసుకుంది. అందులో శారీరక శ్రమ చేసేవాళ్లే కాదు, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లూ ఉన్నారు. గుమాస్తా పనికి జీతం పరిమితి లేదు. మేనేజర్ హోదాలో నిర్ణయాలు తీసుకునేవాళ్లు, జీతం పరిమితి దాటిన పర్యవేక్షకులు మాత్రం బయట. చూసేది హోదా పేరు కాదు, చేసిన పని. బావ ఓచర్లు రాసి, లెడ్జర్ ఎక్కించి, జీతాల షీటు తయారుచేసే మనిషైతే, ఆయన కింద సెలవు మంజూరు చేయాల్సినవాళ్లు ఎవరూ లేకపోతే, విజిటింగ్ కార్డు మీద ఆఫీసర్ అని ఉన్నా ఆయన కార్మికుడే అని వాదించవచ్చు.

తేడా ఎంతో చూడండి. ఆయన జీతం 28,000 అనుకుంటే, కార్మికుడిగా 2022 నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నాలుగు నెలల 1,12,000 రెండో మెట్టులో ఉంటుంది, మన మొదటి లెక్కలో 56,000 చేతికొస్తుంది. ఉద్యోగిగా అయితే కిటికీ 12 నెలలే, అంటే 2023 నవంబరు 4 తర్వాతవే. అప్పటికి గేటు మూసి ఎనిమిది నెలలు దాటింది. ఆయన పనిచేసిన నెల ఒక్కటి కూడా అందులో లేదు. ఉన్నా ఆ మెట్టు దాకా డబ్బు రాదు. కాబట్టి క్లెయిముతోపాటు తాను రోజూ చేసిన పని ఏమిటో ఒక పేజీ రాసి, తన చేతిరాతతో ఉన్న రిజిస్టరు పేజీల కాపీలు జతచేయమనండి.

పీఎఫ్ గురించి కొంచెం ఊరట. సెక్షన్ 36 ప్రకారం పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల నుంచి కార్మికులకీ ఉద్యోగులకీ రావలసిన సొమ్ము అసలు పంచే ఆస్తిలోకే రాదు. వరుసలో నిలబడే పని లేదు, నెలల కిటికీ లేదు. మీరు చేయాల్సింది నాన్నగారి పీఎఫ్ పాస్‌బుక్ తీసి, జీతంలో కోసి జమ చేయని నెలలు ఏవో గుర్తించడం, పీఎఫ్ ఆఫీసు తన క్లెయిము లిక్విడేటర్‌కి పెట్టిందో లేదో కనుక్కోవడం.

గ్రాట్యుటీ అంత తేలిక కాదు. 27 ఏళ్లకి, నెలకి 14,000 చొప్పున, పదిహేను రోజుల జీతాన్ని 26 రోజుల నెల మీద లెక్కిస్తే 2,18,077 వస్తుంది. జీతం బకాయి కంటే ఇదే పెద్దది కావచ్చు. మిల్లు ఎల్ఐసీ దగ్గర గ్రూప్ గ్రాట్యుటీ పాలసీ లాంటి నిధి పెట్టి ఉంటే అందులోని సొమ్ము కార్మికులదే, బ్యాంకు ముట్టుకోలేదు. నిధే పెట్టకపోతే తగాదా. 2020లో లాంకో ఇన్‌ఫ్రాటెక్ విషయంలో అప్పీలు ట్రిబ్యునల్, లేని నిధి నుంచి ఇమ్మని లిక్విడేటర్‌ని ఆదేశించలేమంది. తర్వాత 2022లో జెట్ ఎయిర్‌వేస్ కేసులో అదే ట్రిబ్యునల్ పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా ఇవ్వాలంది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. కానీ అది కంపెనీని కొత్తవాళ్లు తీసుకునే దశలో వచ్చిన తీర్పు, మీది లిక్విడేషన్. అందుకని క్లెయిములో రెండు రకాలుగా అడగండి: ముందు సెక్షన్ 36 కింద పూర్తిగా ఇవ్వాలని, కాదంటే కార్మికుల బకాయిలో భాగంగా చూడాలని. ఒకటే అడిగి అది కొట్టేస్తే రెండోది తర్వాత ఇరికించడం కష్టం.

మావయ్య బేరింగుల 50 వేలకి, ఆర్డర్ ఎవరిచ్చారన్నదే ముఖ్యం. రిజల్యూషన్ ప్రొఫెషనల్ గానీ ఆయన నియమించిన మనిషి గానీ ఇచ్చిన ఆర్డరైతే అది ఖర్చుల్లోకి వస్తుంది. పాత స్టోర్ కీపర్ ఫోన్ చేస్తే పరిచయం కొద్దీ పంపించేసి ఉంటే చిక్కే. పాత బిల్లు మూడున్నర లక్షలు ఆరో మెట్టు. ఆయనకి మింగుడుపడని సంగతి ఇంకోటి చెప్పాలి: ప్రమోటర్ల బంధువులు కంపెనీకి తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పు ఉంటే, అది మామూలుగా నాలుగో మెట్టులో, అంటే మావయ్య కంటే రెండు మెట్లు పైన ఉంటుంది. లిక్విడేషన్‌కి ముందు, రిజల్యూషన్ దశలో వాళ్లకి రుణదాతల కమిటీలో ఓటు ఉండదు, కానీ పంపకంలో స్థానం పోదు. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నా ఈ వరుస మారదు.

ఆయన దగ్గర డైరెక్టర్ సంతకం పెట్టిన చెక్కు ఏదైనా బౌన్స్ అయి, గడువులోపల నోటీసిచ్చి కేసు వేసి ఉంటే, దాన్ని వదలొద్దనండి. కంపెనీ మీద కేసు ఆగినా సంతకం పెట్టిన మనిషి మీద నడుస్తుందని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు లేకపోతే బాకీని ఈ ఏడాది లెక్కల్లో రానిబాకీగా రాసేసి ఆదాయపన్నులో తగ్గింపు తీసుకోవడం మంచిది. దానికి ఆరో మెట్టు దాకా డబ్బు వస్తుందేమోనని ఎదురుచూడక్కర్లేదు. కట్టేసిన జీఎస్టీ మాత్రం వెనక్కి రాదు.

షేర్లకి ఫారం నింపే శ్రమ కూడా దండగ. అప్పులన్నీ పూర్తిగా తీరాక ఇంకా మిగిలితేనే వాటి వంతు, పైన 90 కోట్ల లెక్కలో కూడా అది రాలేదు చూశారుగా.

గడువు సంగతి. లిక్విడేషన్ మొదలైన రోజు నుంచి 30 రోజులు, అంటే 2024 డిసెంబరు 4. నాన్నగారూ బావా ఫారం ఇ, మావయ్య ఫారం సి. అందరి తరఫున యూనియన్ పెట్టదలచుకుంటే ఫారం ఎఫ్. యూనియన్‌కి ఆ హక్కు లేదని ఎవరైనా అంటే, 2019లో సుప్రీంకోర్టు ట్రేడ్ యూనియన్‌ని రుణదాతగా ఒప్పుకున్నది కూడా ఒక జూట్ మిల్లు కేసులోనే అని చెప్పండి. కాన్పూర్‌లోని జేకే జూట్ మిల్లు అది. రిజల్యూషన్ దశలో ఒకసారి క్లెయిము పెట్టాం కదా అని ఊరుకోవద్దు. అప్పటి అంకె 2023 సెప్టెంబరు దగ్గర ఆగిపోయి ఉంటుంది. లిక్విడేషన్ ఆర్డరే ఉద్యోగం నుంచి తీసేసిన నోటీసుతో సమానం కాబట్టి ఆ తర్వాత పుట్టిన గ్రాట్యుటీ అందులో ఉండదు.

నాన్నగారి ఫారంలో మొత్తం ఒకే అంకెగా రాయకుండా నాలుగు వరుసలు వేయండి: కేసు కాలంలో చేసిన మూడు నెలల పని, 2022 నవంబరు 4 నుంచి ఉన్న బకాయి, అంతకు ముందుది, పీఎఫ్-గ్రాట్యుటీ. లిక్విడేటర్ క్లెయిము తగ్గించినా కొట్టేసినా కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం అందిన 14 రోజుల్లో ఎన్సీఎల్టీ అమరావతి బెంచిలో అప్పీలు వేయొచ్చు. క్లెయిము ఈమెయిల్లో పంపినా, పోస్టులో పంపినా అందినట్టు రుజువు దాచండి. రెండూ పంపితే ఇంకా మేలు.